టేపు చెప్పిన సాక్ష్యం: మనశ్చికిత్స నేర్చుకొనేవారి సంభాషణలను మూల్యాంకనం చేయడం ఎట్లా?

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పరీక్షాధికారి విద్యార్థి పక్కనే నిలబడి ఉంటాడు. విద్యార్థి స్క్రూగేజిని ఏ విధంగా పట్టుకున్నాడో, శూన్యదోషాన్ని చూసుకున్నాడో లేదో, తీగను మరీ బిగించాడో లేదో అతడు కంటితో చూసి మార్కులు వేస్తాడు. రికార్డు పుస్తకంలోని అంకెలు ఎంత చక్కగా ఉన్నా, చేతి పనిని చూడకుండా మార్కులు వేయడం న్యాయం కాదని మనమందరం అంగీకరిస్తాము. అయితే మనశ్చికిత్సను నేర్చుకొనే విద్యార్థి చేతిపనిని చూడడం ఎట్లా? అతని పనిముట్టు మాట మాత్రమే. ఆ మాట మూసిన తలుపుల వెనుక, ఇద్దరు మనుషుల నడుమ నడుస్తుంది. మూడవ వ్యక్తి అక్కడ కూర్చుంటే ఆ మాట మారిపోతుంది.

చాలాకాలం ఈ చిక్కుకు ఒకే పరిష్కారం ఉండేది. శిక్షణార్థి తన గదిలో జరిగినదానిని గుర్తుంచుకొని, గురువుగారికి వచ్చి చెప్పేవాడు. గురువు ఆ నివేదికను విని సలహా ఇచ్చేవాడు. ఇందులోని లోపం చెప్పకనే తెలుస్తుంది. మనిషి జ్ఞాపకం తనకు అనుకూలమైన వాటిని నిలుపుకొని, ఇబ్బంది కలిగించిన వాటిని జారవిడుస్తుంది. అబద్ధం చెప్పాలనే ఉద్దేశం లేకున్నా ఇది జరుగుతుంది. 2008లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక పరిశీలనలో చికిత్సకులు తమ సమావేశాలకు తామే వేసుకున్న మార్కులను, అనుభవజ్ఞులు అవే రికార్డింగులను విని వేసిన మార్కులతో పోల్చి చూశారు. చికిత్సకులు తమను తాము ఎక్కువగా అంచనా వేసుకున్నారు. నైపుణ్యం తక్కువగా ఉన్నవారిలోనే ఈ అతి అంచనా మరింత ఎక్కువగా కనిపించింది. అంటే, గురువు సహాయం ఎవరికి ఎక్కువ అవసరమో వారి నివేదికే తక్కువ నమ్మదగినదన్నమాట.

ఈ తలుపును మొదట తెరిచిన వారిలో అమెరికాకు చెందిన కార్ల్ రోజర్స్ ముఖ్యుడు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రోజుల్లో ఆయన చికిత్సా సమావేశాలను గ్రామఫోను రేకులపై ముద్రింపజేసి, శిష్యులతో కలిసి విన్నాడు. 1942లో వెలువడిన తన గ్రంథంలో హెర్బర్ట్ బ్రయాన్ అనే మారుపేరు పెట్టిన ఒక వ్యక్తితో జరిగిన ఎనిమిది సమావేశాలను మాట మాటగా అచ్చు వేయించాడు. చికిత్సకుడు ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ తన అభిప్రాయాన్ని ఎదుటివానిపై రుద్దాడో పాఠకుడు స్వయంగా చూసే అవకాశం దానితో కలిగింది.

వినడం సాధ్యమైన తరువాత రెండవ ప్రశ్న తలెత్తింది. విన్నవారు దేనికి ఎన్ని మార్కులు వేయాలి? ఇక్కడే మూల్యాంకన పట్టిక అవసరమయింది. అటువంటి పట్టికలలో పేరుపొందినది 1980లో జెఫ్రీ యంగ్, ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ స్కేలు. దానిలో పదకొండు అంశాలున్నాయి. ఒక్కొక్క అంశానికి సున్న నుండి ఆరు వరకు మార్కులు. మొత్తం 66లో 40 వస్తే సమర్థుడని లెక్క. దానిని సవరించి ఐవీ బ్లాక్‌బర్న్, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన సి.టి.ఎస్.-ఆర్. అనే పట్టికలో పన్నెండు అంశాలున్నాయి. మొత్తం 72లో 36 వస్తే సాధారణంగా ఉత్తీర్ణతగా భావిస్తారు. అసమర్థుడు, ఆరంభకుడు, కొంత ముందుకు సాగిన ఆరంభకుడు, సమర్థుడు, ప్రవీణుడు, నిపుణుడు అనే మెట్లను ఆ మార్కులకు జోడించారు.

ఈ రెండు పట్టికలూ మంచివే. కాని వాటిలో నాకు కనిపించే ఒక ఇబ్బందిని ఇక్కడ చెప్పక తప్పదు. అన్ని అంశాల మార్కులను కూడితే వచ్చే మొత్తం ఒక్కొక్కప్పుడు ప్రమాదాన్ని కప్పివేస్తుంది. పదకొండు అంశాలలో నాలుగేసి మార్కులు తెచ్చుకొని, ఒక అంశంలో సున్న తెచ్చుకున్న శిక్షణార్థికి మొత్తం 44 వస్తుంది. అతడు ఉత్తీర్ణుడే. కాని ఆ సున్న, ఎదుటివాని మనసు గాయపడిన క్షణానికి వచ్చినదైతే? గణితంలో ఒక లెక్క తప్పి మిగిలినవి ఒప్పయితే నష్టం లేదు. ఇక్కడ ఉంది.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం మన పొరుగుదేశమైన నేపాలులో జరిగింది. వైద్య పట్టాలు లేని గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలు కూడా మానసిక సహాయం అందించే కార్యక్రమాలు అక్కడ నడిచాయి. వారి నైపుణ్యాన్ని కొలవడానికి బ్రాండన్ కోర్ట్, ఆయన సహచరులు తయారుచేసిన పట్టిక 2015లో ప్రచురితమయింది. దాని పేరు ఎనాక్ట్. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి నడిపే ఈక్విప్ అనే కార్యక్రమంలో దానిని పదిహేను అంశాలకు, నాలుగు స్థాయిలకు దిద్దుకున్నారు. ఎక్కువగా దీనిని రోగి పాత్ర ధరించిన నటులతో జరిపే అభ్యాస సంభాషణలలో వాడతారు. రికార్డింగులకు కూడా ఇది పనికివస్తుంది. దీని స్థాయిల అమరికే ఈ వ్యాసానికి ముఖ్యం కనుక కొంచెం నిలిచి చూద్దాం.

మొదటి స్థాయి, హాని చేసే ప్రవర్తన. రెండవ స్థాయి, హాని లేదు గాని ప్రాథమిక నైపుణ్యాలు అసలే కనిపించకపోవడం, లేదా కొన్ని మాత్రమే కనిపించడం. మూడవ స్థాయి, ప్రాథమిక నైపుణ్యాలన్నీ కనిపించడం. నాల్గవ స్థాయి, వాటికి తోడుగా ఉన్నత నైపుణ్యం కూడా కనిపించడం. ప్రతి అంశం కింద ఈ ప్రవర్తనలు చిన్న చిన్న వాక్యాలలో రాసి ఉంటాయి. పరీక్షకుడు ముందుగా మార్కు వేయడు. విన్న ప్రవర్తనలకు ఎదురుగా గుర్తులు పెట్టుకుంటూ పోతాడు. గుర్తులను బట్టి స్థాయి దానంతట అదే తేలుతుంది. అన్నింటికంటె పెద్ద నియమం ఇది: హాని గడిలో ఒక్క గుర్తు పడితే చాలు, కింద ఎన్ని మంచి గుర్తులున్నా ఆ అంశంలో స్థాయి ఒకటే. హానిని మంచితనంతో సరాసరి చేయడానికి వీలులేదు.

ఈ మాట కాగితం మీద సులభంగా ఉంటుంది. వినేటప్పుడు ఎంత కష్టమో ఒక ఉదాహరణతో చూద్దాం. ఈ కింది సంభాషణ బోధన నిమిత్తం నేను కల్పించినది. ఏ ఒక్క వ్యక్తి కథా కాదు. కాని మన జిల్లా పల్లెల్లో ఇటువంటి మాటలు వినని వారుండరు.

సహాయం కోరి వచ్చినది ముప్పై నాలుగేండ్ల స్త్రీ. బీడీలు చుడుతుంది. భర్త బతుకుతెరువు కోసం దుబాయి వెళ్ళాడు. ఇద్దరు పిల్లలు. శిక్షణలో ఉన్న యువతితో ఆమెకు ఇది రెండవ సమావేశం. రికార్డింగు మొదలై పదకొండు నిమిషాలయింది.

సహాయార్థి: "రాత్రి నిద్ర పడుతలేదు మేడమ్. పండుకుంటె గుండె దడదడ కొట్టుకుంటది. ఆయన ఫోను రాకుంటె ఏమయిందో ఏమో అని పానమంత గాభర గాభర అయితది."

శిక్షణార్థి: "మీరేం గాభరా పడకండి అక్కా. ఆయనకేం కాదు. పిల్లల ముఖం చూసి మీరు ధైర్యంగా ఉండాలి. రాత్రిపూట చాయ్ తాగుతున్నారా?"

సహాయార్థి: "తాగుత." (ఆరు సెకండ్ల మౌనం.) "ఒక్కొక్కపారి ఈ బతుకెందుకు అనిపిస్తది మేడమ్."

శిక్షణార్థి: "అయ్యో, అట్లా అనకూడదు అక్కా. పాపం తగుల్తుంది. మీరు మంచివారు. సరే, ఈ వారం రోజూ పొద్దున ఒక అరగంట నడవండి, నిద్ర అదే వస్తుంది."

సహాయార్థి: "సరే మేడమ్."

ఈ భాగాన్ని ఇద్దరు పరీక్షకులు వేర్వేరు గదులలో విన్నారని అనుకుందాం. సహానుభూతి అనే అంశానికి మొదటి పరీక్షకుడు మూడవ స్థాయి వేశాడు. "గొంతులో ఆప్యాయత ఉంది, అక్కా అని పిలిచింది, మీరు మంచివారు అని మెచ్చుకుంది" అని పక్కన రాశాడు. రెండవ పరీక్షకురాలు రెండవ స్థాయి వేసింది. "సహాయార్థి చెప్పిన ఏ ఒక్క బాధనూ శిక్షణార్థి తిరిగి పలకలేదు" అని రాసింది. ఇద్దరూ ఒకే టేపు విన్నారు. ఈ భేదం ఎక్కడ పుట్టింది?

నా దృష్టిలో ఇది మన భాషలోనే పుట్టింది. తెలుగులో సానుభూతి అన్నా, ఉర్దూలో హమ్‌దర్దీ అన్నా నిత్యవ్యవహారంలో మనకు స్ఫురించేది జాలి, ఓదార్పు. పట్టిక అడుగుతున్నది అది కాదు. ఎదుటివారి అనుభవాన్ని వారి వైపు నుండి గ్రహించి, గ్రహించిన సంగతిని వారికి తెలిసేటట్లు పలకడం. అందుకే సహానుభూతి అనే వేరు మాటను వాడవలసి వచ్చింది. "గాభరా పడకండి" అనే వాక్యం ఓదార్పు. "ఫోను రాని రాత్రి మీకు ఊపిరి ఆడనట్లు ఉంటుందన్నమాట" అనేది సహానుభూతి. మొదటిది ఆమె భావాన్ని ఆపుతుంది, రెండవది దానికి చోటిస్తుంది. ఉభయభాషా విద్యార్థులున్న మన వంటి చోట్ల పట్టికను అనువదించే వారు ఈ ఒక్క మాట దగ్గర ఒక పూట కూర్చున్నా తప్పులేదు. అనువాదం తప్పితే పరీక్షకుడు నిజాయితీగా విని కూడా తప్పు మార్కు వేస్తాడు.

ఇక అసలైన ఘట్టం ఆ ఆరు సెకండ్ల తరువాత వచ్చిన వాక్యం. "ఈ బతుకెందుకు" అనడంలో రెండు అర్థాలకు అవకాశం ఉంది. మన పల్లెల్లో విసుగుతో అనే మాట కావచ్చు. నిజంగా ప్రాణం తీసుకొనే ఆలోచన కావచ్చు. ఏదో తెలుసుకోవడానికి ఒకే దారి ఉన్నది. అడగడం. "చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని నెమ్మదిగా, స్పష్టంగా అడగాలి. అవునంటే, ఎట్లా అన్నది ఆలోచించారా, దానికి కావలసిన వస్తువు ఇంట్లో ఉన్నదా, ఇంతకుముందు ప్రయత్నించారా, ఇప్పటివరకు మిమ్మల్ని ఆపినది ఏమిటి అని వరుసగా తెలుసుకోవాలి. వ్యవసాయ కుటుంబాలలో పురుగుమందు డబ్బా చేతికి అందే దూరంలోనే ఉంటుంది కనుక వస్తువు గురించిన ప్రశ్న మన ప్రాంతంలో మరీ ముఖ్యం. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని కొత్తవారు భయపడతారు. ఈ భయానికి ఆధారం లేదని పరిశోధనలు తేల్చాయి. అడగడం వల్ల చాలామందికి భారం తగ్గుతుంది.

మన శిక్షణార్థి అడగలేదు. అంతకన్న ముఖ్యంగా, "అట్లా అనకూడదు, పాపం తగుల్తుంది" అన్నది. ఆ మాటతో ఆ తలుపు మూసుకుపోయింది. "సరే మేడమ్" అని ఆమె తలుపు అవతలనే ఉండిపోయింది. ఇటువంటి చోట నీతిబోధ చేయడం, తప్పుపట్టడం, నమ్మనట్లు మాట్లాడడం హాని గడిలోకి వచ్చే ప్రవర్తనలు. కనుక ఆత్మహాని గురించిన అంశంలో ఈమెకు మొదటి స్థాయి. గొంతు మెత్తగా ఉన్నదనీ, ఉద్దేశం మంచిదనీ ఇక్కడ లెక్కలోకి రావు. పట్టిక ఉద్దేశాన్ని కొలవదు, వినబడినదానినే కొలుస్తుంది.

నడక గురించి చెప్పిన సలహాకు ఏ స్థాయి వేయాలి? నడక మంచిదే, అందులో హాని లేదు. కాని ఆమెతో కలిసి నిర్ణయించినది కాదు. ఆమె తెల్లవారుజామున లేచి నీళ్ళు పట్టి, పిల్లలను బడికి పంపి, బీడీల లెక్క పూర్తిచేయాలి. అరగంట ఎక్కడిది అని ఎవరూ అడగలేదు. నడకకూ, ఫోను రాని రాత్రికీ ఉన్న సంబంధమేమిటో ఆమెకు చెప్పలేదు. కలిసి లక్ష్యాలు ఏర్పరచుకొనే అంశంలో ఇది రెండవ స్థాయి. వచ్చే వారం ఆమె నడవలేదని చెప్పినప్పుడు "మీరు చెప్పినది చేయడం లేదు" అని శిక్షణార్థి అనుకుంటుంది. నిజానికి తప్పు ఈ వారమే జరిగింది.

ఇంతవరకు తీర్పు. తీర్పు చెప్పినంత మాత్రాన శిక్షణార్థి నేర్చుకోదు. ఇక్కడికి వచ్చేసరికి చాలామంది పర్యవేక్షకులు, నాతో సహా, ఒకే పొరపాటు చేస్తారు. పట్టికలోని పదిహేను అంశాలనూ వరుసగా చదివి, ప్రతిదానికీ ఒక లోపం చెబుతారు. పది నిమిషాల తరువాత ఆ అమ్మాయి వినడం మానేస్తుంది. తలవంచుకొని "సరే మేడమ్" అంటుంది. తన సహాయార్థి తనతో అన్న మాటే ఆమె పర్యవేక్షకునితో అంటున్నదని గమనించాలి.

దీనికి బదులు స్థాయితో పాటు ప్రశ్నను జోడించాలి. ఈ ప్రశ్నల పద్ధతికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 1960ల దశకంలో నార్మన్ కాగన్ వేసిన బాట ఉంది. ఆయన పద్ధతిలో శిక్షణార్థియే టేపును నడుపుతాడు. ఎక్కడ మనసు చలించిందో అక్కడ తానే ఆపుతాడు. పక్కన ఉన్నవారు తీర్పు చెప్పరు. ఆ క్షణంలో లోపల ఏమి జరిగిందో చెప్పుకొనేందుకు ప్రశ్నలు వేస్తారు.

మన ఉదాహరణలో టేపు ఆ ఆరు సెకండ్ల మౌనం దగ్గర ఆగిందని అనుకుందాం. పర్యవేక్షకుడు మొదట అడిగే ప్రశ్న: "ఈ మౌనంలో మీ మనసులో ఏమి నడిచింది?" శిక్షణార్థి కొంచెం ఆలోచించి, "భయం వేసింది సార్. ఆమె ఇంకా ఏదైనా చెబితే నేనేమి చేయాలో నాకు తెలియదు" అంటుంది. ఈ ఒక్క సమాధానంతో లోపం స్వరూపమే మారిపోయింది. ఆమెకు దయ లేక కాదు, తరువాతి మెట్టు తెలియక మాట తప్పించింది. దయ గురించి ఉపన్యాసం ఇచ్చి ప్రయోజనం లేదు. తరువాతి మెట్టు నేర్పాలి.

రెండవ ప్రశ్న: "ఆమె అన్న మాటను ఆమె మాటల్లోనే ఒకసారి చెప్పండి." విన్నదీ విననిదీ దీనితో తేలుతుంది. మూడవ ప్రశ్న: "మీ జవాబు విన్న తరువాత ఆమెకు ఇంకా చెప్పే ధైర్యం పెరిగి ఉంటుందా, తగ్గి ఉంటుందా? టేపులో దేనిని బట్టి చెబుతున్నారు?" ఈ ప్రశ్నలోని రెండవ సగమే ముఖ్యం. అభిప్రాయాన్ని కాదు, సాక్ష్యాన్ని అడుగుతున్నది. నాల్గవది ప్రశ్న కాదు, పని: "పర్యవేక్షకుడు సహాయార్థిగా కూర్చుంటాడు. ఆ వాక్యం మళ్ళీ చెబుతాడు. మీరు మళ్ళీ జవాబు చెప్పండి." మొదటిసారి తడబడుతుంది. మూడవసారికి నోరు తిరుగుతుంది. ఈ అభ్యాసం లేకుండా మొదటి స్థాయి ఇచ్చి పంపడం, ఈత రానివానికి "మునిగావు" అని కాగితం రాసి ఇవ్వడం వంటిది.

మొదటి స్థాయి వచ్చిన సందర్భంలో మరొక విధి ఉంది. ఇది శిక్షణార్థి చదువు గురించి కాదు, ఆ స్త్రీ ప్రాణం గురించి. టేపు విన్న రోజుననే పర్యవేక్షకుడు ఆమెను తిరిగి కలిసే ఏర్పాటు చేయాలి. వచ్చే వారం వరకు ఆగరాదు. ఆమెకు 14416 నంబరు కూడా ఇవ్వాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది. రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మూడు వారాల తరువాత అదే శిక్షణార్థి మరొక రికార్డింగు తెచ్చిందని అనుకుందాం. సహాయార్థి వేరొక వ్యక్తి, పొలం అప్పులలో ఉన్న రైతు. ఆయన, "పండుకుంటె మళ్ళ లేవకుంటె బాగుండు అనిపిస్తది బిడ్డా" అన్నాడు. శిక్షణార్థి కొంచెం ఆగి, "లేవకుంటే బాగుండు అనిపిస్తుందా కాకా. అంత బరువుగా ఉందన్నమాట. చనిపోవాలని, మీ అంతట మీరే ఏమైనా చేసుకోవాలని కూడా అనిపించిందా?" అన్నది. ఆయన "ఆలోచన అయితె వచ్చింది" అన్నాడు. ఆమె ఇంట్లో మందు డబ్బాలు ఎక్కడ ఉంటాయో అడిగింది. ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా అని అడిగింది. ఆయనను ఇంకా నిలబెడుతున్నది ఏమిటో అడిగింది. డబ్బాలను తమ్ముని ఇంటికి చేర్చడానికి ఆయనను ఒప్పించింది. సమావేశం ముగిసిన వెంటనే పర్యవేక్షకునికి కబురు చేసింది. ఆత్మహాని అంశంలో మూడవ స్థాయికి కావలసిన గుర్తులన్నీ పడ్డాయి. ఇద్దరు పరీక్షకులూ వేర్వేరుగా అదే స్థాయి వేశారు.

ఇద్దరు పరీక్షకుల ప్రస్తావన మాటిమాటికీ ఎందుకు తెస్తున్నానో చెప్పాలి. ఒక్కరి మార్కును నమ్మడం కష్టం. ఒక అంశంలో బాగా నచ్చిన శిక్షణార్థికి మిగిలిన అంశాలలోనూ తెలియకుండానే చేయి పైకి జరుగుతుంది. మధురమైన గొంతుకు అన్నింటా మూడేసి పడడం దీనికి గుర్తు. ఒక పట్టికలో అన్ని అంశాలకూ ఒకే స్థాయి కనబడితే, ఆ టేపును మళ్ళీ వినవలసిందే. మరొక పొరపాటు, సహాయార్థి తీరును బట్టి శిక్షణార్థికి మార్కులు వేయడం. గలగల మాట్లాడే వ్యక్తి ఎదురుగా ఉంటే చికిత్స చక్కగా సాగినట్లు వినబడుతుంది. ముభావంగా ఉండే వ్యక్తి దగ్గర మంచి శిక్షణార్థి కూడా తడబడినట్లు వినబడుతుంది. ఇంకొకటి కాలంతో వచ్చే జారుడు. జూన్‌లో రెండు వేసిన పనికే మార్చిలో మూడు వేస్తారు. అందుకని మూడు నెలలకొకసారి అందరూ కలిసి ఒకే పాత టేపును విని, మొదట విడివిడిగా స్థాయి వేసి, ఆ తరువాతనే పోల్చుకోవాలి. తేడా వచ్చిన చోట "నాకు అట్లా అనిపించింది" అనే మాట చెల్లదు. ఏ నిమిషంలో ఏ వాక్యాన్ని బట్టి వేశారో చూపాలి.

ఈ పని పెద్ద డిగ్రీలున్నవారు మాత్రమే చేయగలరా అనే సందేహం ఉండవచ్చు. గోవాలో సంగత్ అనే సంస్థ చేసిన పని దీనికి కొంత సమాధానమిస్తుంది. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మానసిక శాస్త్ర పట్టాలు లేని సలహాదారులు కుంగుబాటుతో బాధపడే వారికి ఆరు నుండి ఎనిమిది సమావేశాల చికిత్స ఇచ్చారు. దాని ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ఆ సలహాదారులు వారానికొకసారి ఒకచోట చేరి, తమలో ఒకరి రికార్డింగును విని, పట్టికను బట్టి మార్కులు వేసి చర్చించుకొనేవారు. ఇట్లా తోటివారు మూల్యాంకనం చేయడం సాధ్యమేనని 2014లో ప్రచురితమైన వారి పరిశీలన తెలియజేసింది. అయితే నిపుణులు మొదట్లో వారితో కలిసి కూర్చుని చెవిని అలవాటు చేశారన్న సంగతి మరువరాదు. పట్టికను ముద్రించి పంచినంత మాత్రాన ఆ చెవి రాదు.

రికార్డింగు విషయంలో అనుమతి గురించి కొంచెం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను సహాయార్థి సంగతులను గోప్యంగా ఉంచే హక్కును గుర్తిస్తున్నది. కనుక టేపు ఎందుకు, ఎవరు వింటారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్న మూడు విషయాలు వారికి అర్థమయ్యే భాషలో చెప్పి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. వద్దంటే చికిత్సకు ఏ లోటూ రాదని కూడా చెప్పాలి. సంతకం చేయించుకోవడం తెలిసినవారు చాలామంది ఉన్నారు. నడిమధ్యలో "ఇప్పుడు ఆపేద్దాం బిడ్డా" అన్నప్పుడు వెంటనే ఆపేవారు తక్కువ. రికార్డింగును సొంత ఫోనులో ఉంచుకోవడం, స్నేహితునికి పంపడం ఎంత చిన్న పనిగా కనిపించినా అది పట్టికలో కాదు, విచారణలో తేలవలసిన తప్పు.

ఏ టేపును వినాలన్నది శిక్షణార్థికే వదిలితే ఉత్తమమైనదే తెస్తాడు. అది మానవ సహజం. అందుచేత నెలలోని రికార్డింగులన్నింటిలో ఒకదానిని పర్యవేక్షకుడు చీటీ తీసి ఎన్నుకోవడం, మరొకదానిని శిక్షణార్థి "ఇక్కడ నేను ఇరుక్కున్నాను" అని తానుగా తేవడం మంచి ఏర్పాటు. రెండవ దానికి మార్కులు వేయకూడదు. వేస్తే మళ్ళీ ఎవరూ తమ ఇరుకును బయటపెట్టరు.

మన ఉదాహరణలోని శిక్షణార్థి ఆ రెండవ రకానికి చెందిన టేపే మరొకటి తెచ్చింది. రైతుతో జరిగిన మూడవ సమావేశం అది. ఆయన కుమారుడు కూడా వచ్చి కూర్చున్నాడు. కొడుకు మాట్లాడుతున్నంతసేపూ తండ్రి గొంతు టేపులో వినబడలేదు, శిక్షణార్థి కూడా ఆయనను పలకరించలేదు. కుటుంబాన్ని కలుపుకొనే అంశంలో ఇది ఏ స్థాయికి వస్తుందో ఇద్దరు పరీక్షకులూ ఆ రోజు తేల్చుకోలేకపోయారు. వచ్చే వారం మొదటి పని ఆ టేపులో పద్నాలుగవ నిమిషం నుండి మళ్ళీ వినడం.